రాని కబురు – కత్తుల ఆసు

నరసరావుపేటలో డిగ్రీ చదువుకొనే ఒక అమ్మాయి ఉన్నదనుకొందాము. మాచర్ల వైపు అబ్బాయితో పెళ్లి మాటలు జరిగినవి. ఉద్యోగరీత్యా ఆ అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. మూడు నెలలపాటు రోజూ ఫోనులో సందేశాలు నడిచినవి. ఒకనాటి నుంచి హఠాత్తుగా అటువైపు నిశ్శబ్దం. పదకొండు రోజులైనది. ఇంట్లో చెప్పడానికి నోరు రాదు. తానై మళ్లీ అడగడానికి అభిమానం అడ్డు వచ్చును. అటువంటి సమయంలో, ఫోను తెరమీద పేకముక్కలు పరచి జోస్యం చెప్పే ఒక ఆమె కనబడుతుంది. "అక్కా, ఆయన మళ్లీ మెసేజి పెడతాడా?" అని ఈ అమ్మాయి అడుగుతుంది.

ఆ అక్క మూడు ముక్కలు తీసినది. మొదటిది పాత్రల పేజీ, రెండవది కత్తుల ఆసు, మూడవది కత్తుల పేజీ. "పెడతాడమ్మా. ప్రేమ మాట మనసులో ఉన్నది. తేటతెల్లమైన మాట ఒకటి వస్తుంది. కాని అతను ఇప్పుడు దూరం నుంచి నిన్ను గమనిస్తున్నాడు" అని చెప్పినది. అమ్మాయి మనసు తేలికపడినది. ఆ తేలికదనం ఎక్కడినుంచి వచ్చినదో, ఆ ముక్కలలో నిజంగా ఏమున్నదో పరిశీలించడమే ఇక్కడి పని.

ఈ పేకను టారో అంటారు. మొత్తం 78 ముక్కలు. వానిలో 22 పెద్ద ముక్కలు. తక్కిన 56 ముక్కలు కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు అనే నాలుగు రంగులలో, రంగుకు పద్నాలుగు చొప్పున ఉంటాయి. ఆసు నుంచి పది వరకు అంకెముక్కలు పది. వాని పైన పేజీ, రౌతు, రాణి, రాజు. పేజీ అంటే పుస్తకపు పుట కాదు. పూర్వం ఐరోపా రాజాస్థానాలలో ప్రభువుల వెంట తిరుగుతూ చిన్న చిన్న పనులు చేసే కుర్రవాడిని ఆ పేరుతో పిలిచేవారు. కబురు మోసుకొని వెళ్లడం కూడ వాని పనులలో ఒకటి. పేజీ వచ్చినదంటే కబురు వచ్చునని జోస్యులు చెప్పడానికి ఆధారం ఈ పాటి పోలికయే.

మన పల్లెలలో పేకాడేవారికి ఈ కత్తుల ఆసు బొత్తిగా కొత్తది కాదు. ఇటాలియను భాషలో కత్తులను "స్పాడె" అంటారు. ఇంగ్లీషు పేకలోని స్పేడు, మన ఇస్పేటు ఆ మాటకు చుట్టాలే. అనగా కత్తుల ఆసు వరుసకు మన ఇస్పేటు ఆసే. తమాషా ఏమంటే, మామూలు పేకతో జోస్యం చెప్పే పాశ్చాత్యులలో చాలామంది ఇస్పేటు ఆసును చావు ముక్కగా చూచి భయపడతారు. అదే ముక్క టారో పేకలోకి వచ్చేసరికి "తేటతెల్లమైన మాట" అయినది. గుణం ముక్కలోనే ఉన్నదైతే ఇంత తేడా ఎందుకు రావాలి?

ఈ అర్థాలు ఎలా పుట్టినవో చరిత్ర తెలుపుతుంది. 15వ శతాబ్దపు తొలి సగంలో ఉత్తర ఇటలీలో ఈ పేకను ఆట కోసమే చేశారు. అందులోని 22 పెద్ద ముక్కలు ఇతర ముక్కలను కోయడానికి పనికివచ్చే తురుపులు. మూడు వందల సంవత్సరాలకు పైగా దానితో మనుషులు ఆడుకొన్నారు. ఫ్రాన్సులో నేటికీ ఆడుతున్నారు. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఈ ముక్కలు ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్యగ్రంథమని ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలవాడు ఐరోపాలో ఒక్కడూ లేడు. షాంపొలియోన్ ఆ లిపి గుట్టు విప్పినది 1822లో. లిపి విడివడిన తరువాత చూస్తే పేకముక్కల ఊసు అందులో ఎక్కడా లేదు. కాని ఆలోగా ఎతెయ్యా అనే పేరుతో మరొక ఫ్రెంచి వ్యక్తి ముక్కముక్కకూ అర్థాలు, తలక్రిందులుగా పడితే వేరే అర్థాలు కట్టి, జోస్యాన్ని వృత్తిగా స్థిరపరచాడు.

ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న బొమ్మలు 1909లో లండనులో రైడరు సంస్థ వేసిన పేకలోనివి. పథకం ఎ. ఇ. వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ గీసినవి. పాత్రల పేజీ సముద్రం ముందు నిలబడి, చేతి పాత్రలోనుంచి తల పైకెత్తిన చేపతో ముచ్చటిస్తున్నట్లుంటాడు. కత్తుల పేజీ ఎగుడుదిగుడు నేలమీద, గాలికి జుట్టు ఎగురుతుండగా, రెండు చేతులతో కత్తి ఎత్తి పట్టుకొని చూపు ఒక పక్కకు తిప్పి ఉంటాడు. కత్తుల ఆసులో మేఘంలోనుంచి ఒక చేయి వచ్చి నిటారుగా కత్తి పట్టుకొన్నది. కత్తి మొనకు కిరీటం, కిరీటానికి రెండు కొమ్మలు, క్రింద కొండలు. చిత్రకళగా చూస్తే ఇవి మెచ్చదగినవే. తక్కువ గీతలతో కథ చెప్పగల చేయి ఆమెది. ఆ బొమ్మలు అంతగా మాటాడతాయి గనుకనే చూచేవారు వానిలో తమ కథను చూచుకోగలుగుతున్నారు.

ఈ పేకకు వెయిట్ రాసిన వివరణ గ్రంథం విప్పి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. పాత్రల పేజీకి వార్త, సందేశం అనే అర్థాలు అతడు ఇచ్చాడు. కర్రల పేజీకి రాయబారి అని, తపాలా బంట్రోతు అని కూడ రాశాడు. నాణేల పేజీకి చదువు, శ్రద్ధ అని చెప్పి, మరొక మతం ప్రకారం వార్త, దానిని తెచ్చేవాడు అన్నాడు. కత్తుల పేజీకి మాత్రం కబురు మాటే లేదు. నిఘా, గూఢచర్యం, పరీక్షగా చూడడం. కత్తుల ఆసుకు అతడిచ్చిన అర్థం విజయం, బలప్రయోగంతో గెలుపు, ప్రేమలోనైనా ద్వేషంలోనైనా ఒక మహాశక్తి. తేటతెల్లమైన మాట అన్నది ఆ పేజీలలో కనబడదు.

మరి ఆ మాట ఎక్కడినుంచి దిగినది? కత్తులు గాలి అనే భూతానికి చెందినవని జోస్యులు ఒక వరుస పెట్టుకొన్నారు. గాలి అంటే బుద్ధి, బుద్ధి అంటే వాక్కు, ఆసు అంటే మొదలు. కనుక కత్తుల ఆసు అంటే స్పష్టమైన మొదటి మాట. ఇది పద్యానికి వ్యాఖ్యానం రాసే పద్ధతి. ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు పోలిక పట్టుకొని ఎక్కడమే గాని, ఏ మెట్టు దగ్గరా "ఇది నిజమా?" అని చూచినవారు లేరు. చేతిలో ఫోను లేని కాలంలో వెయిట్ తపాలా బంట్రోతును చూచాడు. ఫోను వచ్చిన కాలంలో అదే కుర్రవాడు వాట్సాపు సందేశమైనాడు. కాలం మారినకొద్దీ జోస్యానికి కావలసిన అర్థం ముక్కకు అతుక్కొంటున్నదన్నమాట.

ఇక అక్క చెప్పిన ఫలితాన్ని నిదానంగా చూడాలి. అందులో మూడు మాటలున్నవి: ప్రేమ మనసులో ఉన్నది, స్పష్టమైన మాట వస్తుంది, దూరం నుంచి గమనిస్తున్నాడు. నాలుగు రోజుల తరువాత ఆ అబ్బాయి తీయగా ఒక సందేశం పెట్టాడనుకొందాము. పాత్రల పేజీ నిజమైనది. "మనకు కుదరదు, క్షమించు" అని రాశాడనుకొందాము. కత్తుల ఆసు నిజమైనది. కత్తి కోసినది గదా! సందేశం లేదు గాని ఈ అమ్మాయి పెట్టిన స్టేటసు చూచాడనుకొందాము. కత్తుల పేజీ నిజమైనది. ఏమీ జరగలేదనుకొందాము. ఎన్నాళ్లలోనో అక్క చెప్పలేదు గనుక ఇంకా రావలసి ఉన్నది. లేదా మనసులోనే ఉన్నది, బయటికి రాలేదు. నాలుగు దారులు, నాలుగూ జోస్యం ఇంటికే చేరినవి. జరగగల ప్రతిదానితోనూ సరిపోయే మాట, ఏది జరుగుతుందో మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయికి కావలసినది సరిగా ఆ చివరి సంగతే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చును. సందేశం గురించి అడిగితే మూడు ముక్కలూ సందేశం వైపే ఎలా పడినవి? ఇది కాకతాళీయమా? ప్రశ్న న్యాయమైనదే. లెక్క వేసి చూడాలి.

78 ముక్కలలోనుంచి మూడింటిని 76,076 విధాలుగా తీయవచ్చును. కనుక సరిగా ఆ మూడు ముక్కలే పడే సంభావ్యత 76,076లో ఒక వంతు. వినగానే గుండె ఝల్లుమంటుంది. కాని కర్రల మూడు, నాణేల ఏడు, పాత్రల రాణి పడే సంభావ్యత కూడ సరిగ్గా అంతే. ఏ మూడు తీసినా అంత అరుదైనవే పడతాయి. ఏవో మూడు పడక తప్పదు. పడిన తరువాత చూచి ఆశ్చర్యపడడం, గోడమీద బాణం గుచ్చుకొన్న చోటికి వెళ్లి దాని చుట్టూ వలయం గీయడం వంటిది.

సరియైన ప్రశ్న వేరు. ముక్కలు తీయకముందే వేటిని కబురు ముక్కలుగా లెక్కించాలో నిర్ణయించుకొని, వానిలో కనీసం ఒకటైనా పడే అవకాశమెంత అని అడగాలి. నాలుగు పేజీలు, కత్తుల ఆసు, ఈ అయిదింటినే తీసుకొంటే, మూడు ముక్కలు తీసినప్పుడు ఒకటైనా పడే అవకాశం నూటికి 18. పది ముక్కలు పరచే పెద్ద పద్ధతి ఒకటి ఉన్నది. అందులో అదే అవకాశం నూటికి 51 దాకా పోతుంది. అంటే రూపాయి బిళ్ల ఎగురవేసి బొమ్మ కోరుకొన్నట్లే.

ఈ అయిదింటితో జోస్యులు ఊరుకోరు. వచ్చేవాడని రౌతులు నలుగురు, కొత్త మొదలని తక్కిన మూడు ఆసులు, వేగంగా ఎగిరే కర్రల ఎనిమిది, పాత జ్ఞాపకాల పాత్రల ఆరు, జంటను చూపే పాత్రల రెండు, బూర ఊదే దేవదూత ఉన్న పెద్ద ముక్క, ఇవి కూడ కబురు పక్షానికే చేరతాయి. మొత్తం 16. అప్పుడు మూడు ముక్కలలోనే అవకాశం నూటికి 50. పది ముక్కలలో నూటికి 91. పదిసార్లు పరిస్తే తొమ్మిదిసార్లు "కబురు వస్తుంది" అనడానికి ఏదో ఒక ముక్క దొరుకుతుంది. ఆ ఒక్కసారి కూడ దొరకకపోతే, "మరొక ముక్క తీద్దాము" అనే సదుపాయం ఉండనే ఉన్నది.

ఈ లెక్కను నమ్మమని చెప్పనక్కరలేదు. తరగతిలో చేసి చూడవచ్చును. 78 కాగితపు చీటీలు ఒకే కొలతకు కత్తిరించి, అయిదింటిమీద మాత్రం చుక్క పెట్టాలి. డబ్బాలో వేసి బాగా కలిపి, ఒక విద్యార్థి చూడకుండా పది చీటీలు తీయాలి. చుక్క ఉన్నదా లేదా అని నల్లబల్లమీద గుర్తు వేసి, చీటీలు మళ్లీ డబ్బాలో వేసి, కలిపి, తరువాతి విద్యార్థికి ఇవ్వాలి. నలభై మంది తీస్తే సుమారు ఇరవై మందికి చుక్క వస్తుంది. సరిగ్గా ఇరవై రాకపోవచ్చును. 14కు 26కు మధ్య ఎక్కడున్నా ఆశ్చర్యపడనక్కరలేదు. కలపడం సరిగా లేకపోతే మాత్రం లెక్క చెడుతుంది. ఇప్పుడే వేసిన చీటీలు పైనే ఉండిపోయి, ముందరి విద్యార్థికి వచ్చినవే వెనకవానికి వస్తాయి. ఫలితాలు జంటలు జంటలుగా ఒకేరకంగా వస్తున్నట్లు కనబడితే లోపం అక్కడ ఉన్నదని అనుమానించాలి.

చీటీలకు ఎవరి ప్రేమ సంగతీ తెలియదు. చిలకజోస్యంలో చిలకకూ తెలియదు. కోటప్పకొండ తిరునాళ్ల వంటి జాతరలలో చిలక పంజరంలోనుంచి వచ్చి, ముక్కుతో ఒక అట్ట లాగి, గింజ తిని లోపలికి పోతుంది. చిలకను చూచి నవ్వే చదువుకొన్నవారు కొందరు టారో ముందు గంభీరంగా కూర్చుంటారు. రెండింటిలోనూ ముక్కను ఎన్నుకొనేది యాదృచ్ఛికతయే. మాట కట్టేది మనిషే. పైగా చిలకజోస్యుడికి నిజాయితీ కొంత ఎక్కువనవచ్చును. ఒక్క అట్టే తీయిస్తాడు.

జోస్యాన్ని పరీక్షకు నిలబెట్టే మార్గం లేకపోలేదు. 2008లో మహారాష్ట్రలో ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు జాతకాలతో అటువంటి పరీక్ష జరిపారు. చదువులో మెరికలైన నూరుమంది పిల్లలు, బుద్ధిమాంద్యం గల నూరుమంది పిల్లలు, వీరి జన్మవివరాలు సేకరించి, ఏది ఎవరిదో చెప్పకుండా జ్యోతిష్కులకు నలభై చొప్పున పంపారు. ఏ జాతకం ఏ వర్గానిదో చెప్పడమే పని. 27 మంది జవాబులు పంపారు. సరియైన జవాబులు సగటున నూటికి 46. నాణెం ఎగురవేసినా నూటికి 50 వస్తాయి. అది జాతకాల పరీక్షయే గాని టారోది కాదు. అయినా దాని పద్ధతి ఇక్కడికీ పనికివస్తుంది. ప్రశ్నకు రెండే జవాబులుండాలి, గడువు ఉండాలి, జవాబు ముందుగా కాగితంమీద పడాలి, ఊరకనే ఊహిస్తే ఎంత వస్తుందో తెలిసి ఉండాలి.

చివరి షరతునే ఎక్కువమంది మరచిపోతారు. మూడు నెలలు రోజూ మాటాడినవాడు ఎప్పటికైనా ఒక్క మాటైనా రాసే అవకాశం పేక లేకున్నా ఎక్కువే. గడువు పెట్టకుండా "పెడతాడు" అని అందరికీ చెప్పేవాడు ముక్కలు తీయకపోయినా చాలాసార్లు గెలుస్తాడు. గెలిచిన కథలే నలుగురికీ తెలుస్తాయి. కబురు రానివారు సిగ్గుతో ఊరుకొంటారు.

నిశ్శబ్దానికి కారణం ఏమిటన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నది. పేక దానిని అడగనే అడగదు. అటువాడు తలచుకోలేదు గనుక రాయలేదని అది ముందే ఒప్పుకొని బయలుదేరుతుంది. పల్నాటివారికి ఈ పొరపాటు వేరే చెప్పనక్కరలేదు. వీరగాథలో అలరాజు మాచర్లవారి పక్షాన గురజాలకు రాయబారం వెళ్లాడు. తిరిగి రాలేదు. చెప్పవలసిన మాట లేక కాదు. చర్లగుడిపాడులో విషప్రయోగం జరిగినదని గాథ చెబుతుంది. ఎదురుచూచేవారికి కనబడేది నిశ్శబ్దమే. కారణం దారిలో ఉండిపోయినది.

నేటి ఫోను ఈ విషయంలో పేకకన్న కొంత ఎక్కువ చెబుతుంది. వాట్సాపులో సందేశం పక్కన ఒక గీత ఉంటే అది బయలుదేరినదే గాని అవతలి ఫోనుకు చేరలేదు. రెండు బూడిదరంగు గీతలైతే చేరినది. అవి నీలిరంగైతే తెరచి చూచాడు. దీనికీ పరిమితులున్నవి. చూచినట్లు తెలియకుండా అవతలివారు ఆ ఏర్పాటు ఆపుకోవచ్చును; అప్పుడు చూచినా గీతలు బూడిదరంగులోనే ఉంటాయి. ఒకే గీత రోజులకొద్దీ ఉండిపోతే ఫోను ఆగిపోయి ఉండవచ్చును, నంబరు మారి ఉండవచ్చును, లేదా ఈ నంబరును అతడు నిరోధించి ఉండవచ్చును. గీత ఒక్కటే చూచి ఏది నిజమో తేల్చలేము. కాని ఏ సంగతులలో ఏది కావచ్చునో అది వేరు చేసి చూపుతుంది. మామూలు ఫోను కాల్ ఒకటి చేస్తే వానిలో కొన్ని అక్కడికక్కడే తేలిపోతాయి.

నరసరావుపేట అమ్మాయి సందేశం పక్కన ఒకే గీత ఉన్నదనుకొందాము. అప్పుడు పాత్రల పేజీ చెప్పిన ప్రేమకు గాని, కత్తుల పేజీ చేసిన నిఘాకు గాని తావే లేదు. ఆమె మాట అతడికి చేరనే లేదు. రెండు నీలిగీతలు పదకొండు రోజులుగా ఉన్నవనుకొంటే సంగతి వేరు. అతడు చదివాడు, జవాబు రాయలేదు. ఆ రెండు స్థితులలోనూ అక్క పరచిన ముక్కలు అవే, ఆమె చెప్పిన మాటలూ అవే. పెళ్లి మాటలు పెద్దల మధ్య జరిగినవి గనుక, అటువైపు బంధువులలో ఎవరినైనా "అబ్బాయి కులాసాయేనా?" అని అడిగించడానికి ఆమెకు ఒక్క సాయంత్రం చాలును. ముక్కలు తేలికపరచిన మనసుతో ఆమె చేస్తున్నది మాత్రం మరి ఎన్ని రోజులైనా ఎదురుచూడడం.